రాబందులు ఎందుకు మాయమయ్యాయి? పశువుకు వేసే నొప్పి సూదిలో ఉన్న లెక్క

మీలో నలభై ఐదేళ్లు దాటినవారు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఊళ్లో ఎద్దో గేదో చనిపోతే ఊరి బయట పడేసేవాళ్లం. గంట తిరక్కుండానే ఆకాశంలో రాబందులు గుండ్రంగా తిరిగేవి. పదులకొద్దీ దిగి, పొద్దు గూకేలోపు ఎముకలు మాత్రం మిగిల్చేవి. ఇప్పుడు అదే చోట కుక్కలు, కాకులు తప్ప ఏమీ కనిపించవు. మీ పిల్లల్ని అడగండి, రాబందును చూశామని చెప్పేవాళ్లు దాదాపు ఉండరు.

ఇవి ఏమయ్యాయి, ఎంత వేగంగా పోయాయి, తిరిగి రావడం ఎందుకు ఇంత కష్టం అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. ఒక జాతి ఎలా అంతరిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దేశంలో లేదు. పైగా దీని మూలం మన పశువుల కొట్టంలోనే ఉంది.

కారణం ఎలా దొరికింది?

1980ల్లో తెల్లవీపు రాబందు మన దేశంలో అతి సాధారణమైన పక్షి. 1990ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల ఉద్యానవనంలో వీటి సంఖ్య పడిపోతున్నట్టు శాస్త్రవేత్తలు గమనించారు. చెట్ల మీద మెడలు వేలాడేసి కూర్చున్న పక్షులు కొన్ని రోజులకే కింద పడి చనిపోయేవి.

మొదట రకరకాల అనుమానాలు వచ్చాయి. తిండి దొరకడం లేదన్నారు. కానీ కళేబరాలు దండిగానే ఉన్నాయి, ముట్టేవి లేక కుళ్లిపోతున్నాయి. చెట్లు కొట్టేయడం వల్ల గూళ్లు పోయాయన్నారు. కానీ చెట్లున్న చోట కూడా పక్షులు చచ్చిపోతున్నాయి. పురుగుమందులన్నారు, కొత్త జబ్బన్నారు. పరీక్షల్లో ఏదీ సరిపోలేదు.

చనిపోయిన పక్షులను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు చెడిపోతే పక్షి శరీరంలో ఇలా పేరుకుంటుంది. పాకిస్థాన్‌లో పరిశోధన చేసిన బృందం 2004లో దీని కారణం తేల్చింది. తెల్లటి పొర ఉన్న 25 పక్షులను పరీక్షిస్తే, 25లోనూ డైక్లోఫెనాక్ అనే మందు అవశేషం దొరికింది. వేరే కారణాలతో చనిపోయిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ దొరకలేదు.

డైక్లోఫెనాక్ మనకు కొత్త పేరు కాదు. జ్వరం, పొదుగువాపు, కుంటు, దెబ్బ, ఏదైనా సరే నొప్పి తగ్గడానికి పశువుకు వేసిన చవకైన సూది అది. పశువుకు మేలే చేసింది. కానీ సూది వేసిన పశువు రెండు మూడు రోజుల్లో చనిపోతే మందు దాని మాంసంలో, ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాల్లో మిగిలి ఉంటుంది. ఆ కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

ఒక్క కళేబరం ఎంతమందిని చంపుతుంది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "సూది వేసిన పశువులన్నీ చావవు కదా. చచ్చినవాటిలోనూ చివరి మూడు రోజుల్లో సూది పడినవి ఎన్ని ఉంటాయి? వంద కళేబరాల్లో ఒకటి కూడా ఉండదేమో. దానివల్ల దేశంలోని రాబందులన్నీ ఎలా పోతాయి?" రైతుకే కాదు, శాస్త్రవేత్తలకూ ఈ సందేహమే వచ్చింది. వాళ్లు లెక్క వేసి చూశారు. 130 కళేబరాల్లో ఒకటి నుంచి 760 కళేబరాల్లో ఒకటి వరకు, ఆ మధ్యలో ఎక్కడో విషపు కళేబరం ఉంటే చాలు, కనిపించిన పతనమంతా జరిగిపోతుందని తేలింది.

ఎలాగో మనమూ లెక్క చూద్దాం. రాబందు రోజూ తినదు. కడుపు నిండా తిని రెండు మూడు రోజులు ఆగుతుంది. మూడు రోజులకోసారి అనుకుంటే ఏడాదికి సుమారు 120 సార్లు తింటుంది. ఇప్పుడు 200 కళేబరాల్లో ఒకటి విషపుది అనుకుందాం. ఇది 200 కుండల్లో ఒక కుండలో విషం ఉంటే, ఏ కుండో తెలియకుండా ఏడాదిలో 120 సార్లు తాగడం లాంటిది. ఒక్కసారి చూస్తే ప్రమాదం చాలా తక్కువ. కానీ 120 సార్లు తప్పించుకోవాలి కదా. గుణించుకుంటూ పోతే ఏడాది చివరికి 100 పక్షుల్లో 55 మాత్రమే మిగులుతాయి, 45 పోతాయి.

నిజంగా దేశంలో జరిగింది కూడా దాదాపు అంతే. 2000 తర్వాత కొన్నేళ్లపాటు తెల్లవీపు రాబందులు ఏటా సుమారు 44 శాతం చొప్పున తగ్గాయి. అంటే మొదట 1,000 ఉంటే ఏడాదికి 560, రెండో ఏటికి 314, మూడో ఏటికి 176, నాలుగో ఏటికి 98, ఐదో ఏటికి 55. ఇదే వేగంతో పదేళ్లు గడిస్తే మిగిలేవి మూడే.

అందుకే మొదట్లో ఎవరికీ కారణం అర్థం కాలేదు. ఎవరూ వేటాడలేదు, ఎవరూ కావాలని విషం పెట్టలేదు. ఒక్కో రైతు తన పశువు బాధ తీరడానికి ఒక్కో సూది వేయించాడు. అన్నీ కలిసి ఒక జాతిని దాదాపు తుడిచిపెట్టాయి.

కోళ్లు తిరిగి వస్తాయి, రాబందులు ఎందుకు రావు?

ఊళ్లోకి కొక్కెర తెగులు వస్తే నాటుకోళ్లలో సగానికి పైగా పోతాయి. కానీ ఏడాది రెండేళ్లలో మళ్లీ పెరట్లో కోళ్లు కనిపిస్తాయి. కోడి ఒక పొదుగుకు పది పన్నెండు గుడ్లు పెడుతుంది, పిల్ల ఆరేడు నెలలకే మళ్లీ గుడ్డుకు వస్తుంది. ఎంత నష్టం వచ్చినా పూడ్చుకునే శక్తి దానికి ఉంది.

రాబందు అలా కాదు. జంటకు ఏడాదికి ఒక్క గుడ్డు. ఆ పిల్ల పెరిగి జత కట్టడానికి ఐదేళ్లు పడుతుంది. ప్రకృతి దానికి ఈ నిదానాన్ని ఇచ్చి, బదులుగా దీర్ఘాయుష్షు ఇచ్చింది. మామూలు రోజుల్లో పెద్ద పక్షులు ఏడాదికి నూటికి ఐదు మించి చనిపోవు.

లెక్క అర్థం కావడానికి ఒక గుట్ట మీద 100 పెద్ద రాబందులున్నాయని, అంటే 50 జంటలని అనుకుందాం. 50 గుడ్లలో సగం, అంటే 25 పిల్లలు ఎగిరే దాకా వస్తాయి. వాటిలో ఐదేళ్లు నిండి పెద్దవయ్యేవి 10 అనుకుందాం. ముసలితనం, జబ్బు వల్ల ఏటా పోయేవి 5. కొత్తగా చేరేవి 10. కాబట్టి ఈ గుంపు ఏటా ఐదు పక్షుల అదనపు నష్టాన్ని మాత్రమే తట్టుకోగలదు. ఆరో పక్షి పోయిన రోజు నుంచి గుంపు తగ్గడం మొదలవుతుంది.

పైన చెప్పినట్టు 760 కళేబరాల్లో ఒక్కటే విషపుది అనుకున్నా, 120 సార్లు తిన్నప్పుడు 100లో దాదాపు 15 పక్షులు పోతాయి. ఐదు తట్టుకోగల గుంపుకు పదిహేను నష్టం. ఏడాదికి నూటికి పది చొప్పున కరుగుతూ, ఏడేళ్లలో సగమవుతుంది. ఒక జాతి నిలుస్తుందా లేదా అనేదాన్ని తేల్చేది ఈ తేడానే. ఎన్ని చనిపోయాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. పోయినవాటిని పూడ్చుకునే వేగం దానికి ఉందా అన్నది కూడా చూడాలి. నిదానంగా పిల్లలు పెట్టే జాతులన్నిటికీ, ఏనుగైనా, బట్టమేక పిట్టైనా, ఇదే సూత్రం.

సంఖ్య తక్కువైతే అదే మరో ప్రమాదం

మందు ఆగిపోయిందనుకుందాం. ఇక భయం లేదా? ఉంది. గుంపు బాగా చిన్నదైతే, మొదటి కారణం తొలగినా గుంపు దానంతట అదే కూలిపోవచ్చు.

ఉదాహరణకు ఒక ఏడాది ఒక గుట్ట మీద నాలుగు పిల్లలే ఎగిరాయనుకోండి. నాలుగూ మగవో, నాలుగూ ఆడవో అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. అది చాలా పెద్ద అవకాశం. అదే ఇరవై పిల్లలైతే అలా జరిగే అవకాశం 5 లక్షల్లో ఒకటి. పెద్ద గుంపుకు ఏమీ కాని యాదృచ్ఛికం చిన్న గుంపును ముంచుతుంది. ఒక గాలివాన, ఒక కరెంటు తీగ, ఒక విషపు కళేబరం, ఏదైనా అంతే.

రాబందులకు ఇంకో బలహీనత ఉంది. అవి ఒకదాన్ని చూసి ఒకటి తిండి కనుక్కుంటాయి. ఒక పక్షి దిగుతుంటే మైళ్ల దూరంలోని పక్షి చూసి వస్తుంది, దాన్ని చూసి మరొకటి వస్తుంది. ఆకాశంలో పక్షులు పలచబడితే ఈ గొలుసు తెగుతుంది. కళేబరం ఉన్నా దొరకదు. దగ్గరి బంధువుల మధ్యే జత కట్టాల్సి రావడం మరో సమస్య. ఒకే ఆంబోతుతో తరాల తరబడి ఈతలు వేయిస్తే దూడలు బలహీనంగా పుడతాయని మీకు తెలుసు. ఇదీ అంతే.

మన తెలుగు నేలలో దీనికి ఉదాహరణ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట. అక్కడ 2013లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని ఉండటం బయటపడింది. వాటి సంఖ్య పదుల్లోనే ఉంది. అలాంటి గుంపుకు పైన చెప్పిన ప్రమాదాలన్నీ ఒకేసారి వర్తిస్తాయి. చుట్టూ ఉన్న ఊళ్లలో ఒక్క తప్పుడు సూది పడినా సగం గుంపు ఒకే కళేబరం మీద దిగి ఉండవచ్చు.

రెడ్ లిస్ట్‌లో మెట్లు ఎలా వేస్తారు?

పత్రికల్లో "అంతరించే దశలో ఉన్న పక్షి" అని చదువుతుంటాం. ఆ మాట ఎవరో ఊరికే అనరు. ఐ.యు.సి.ఎన్. అనే అంతర్జాతీయ సంస్థ రెడ్ లిస్ట్ పేరుతో ఒక జాబితా నడుపుతుంది. అందులో ప్రతి జాతికీ ఒక మెట్టు ఉంటుంది. ప్రస్తుతానికి ఆందోళన లేనివి, ముప్పుకు దగ్గరైనవి, వాటి తర్వాత ముప్పులో ఉన్న మూడు మెట్లు. ఆ మూడింటిని తక్కువ నుంచి ఎక్కువకు వల్నరబుల్, ఎండేంజర్డ్, క్రిటికల్లీ ఎండేంజర్డ్ అంటారు. ఆ పైన అడవిలో పోయి బోనుల్లో మాత్రమే మిగిలినవి, చివరగా పూర్తిగా అంతరించినవి.

మెట్టును తేల్చడానికి ముఖ్యంగా రెండు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది, ఎంత వేగంగా తగ్గింది? గత పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువ కాలమైతే దానిలో, 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 శాతమైతే ఎండేంజర్డ్, 80 శాతమైతే క్రిటికల్లీ ఎండేంజర్డ్. రెండోది, ఎన్ని మిగిలాయి? పిల్లలు పెట్టగల పెద్దవి 1,000 కంటే తక్కువైతే మొదటి మెట్టు, 250 కంటే తక్కువైతే రెండో మెట్టు, 50 కంటే తక్కువైతే మూడో మెట్టు. రెండు ప్రశ్నల్లో దేని జవాబు ఎక్కువ ప్రమాదం చూపితే ఆ మెట్టునే లెక్కలోకి తీసుకుంటారు.

దీనివల్ల ఒక విషయం అర్థమవుతుంది. రాబందులు వేలల్లో ఉన్నప్పుడే, 2000లో, వాటిని ముప్పు మెట్లలో చివరిదానిలో పెట్టారు. "ఇన్ని వేలున్నాయి, అంత తొందరేమిటి" అని అడిగితే జవాబు పడిపోయే వేగంలో ఉంది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల్లో 99.9 శాతం పోయాయి. అంటే వెయ్యికి ఒకటి మిగిలింది. ఇంకోవైపు పిచ్చుకను చూడండి. మన ఊళ్లలో బాగా తగ్గింది, మనకు బాధగా ఉంది. కానీ ప్రపంచం మొత్తం మీద కోట్లలో ఉంది కాబట్టి ఆ జాబితాలో అది ఇంకా ఆందోళన లేని మెట్టులోనే ఉంది. కాబట్టి మన కంటికి కనిపించకపోవడం వేరు, జాతి అంతరించడం వేరు.

మూడో ప్రశ్న కూడా ఒకటుంది. జనన మరణాల లెక్కలు కట్టి, ఇలాగే సాగితే ఫలానా కాలంలో పూర్తిగా పోయే అవకాశం ఎంత అని చూస్తారు. వందేళ్లలో పదింట ఒక వంతు అవకాశం ఉన్నా అది వల్నరబుల్ కిందికి వస్తుంది. పైన మనం గుట్ట మీద వేసిన లెక్క ఈ పద్ధతికి చిన్న నమూనా.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2006లో నిషేధించింది. కానీ మనుషులకు వాడే 30 మిల్లీలీటర్ల సీసాలు మెడికల్ షాపుల నుంచి పశువుల కొట్టంలోకి వస్తూనే ఉండేవి. అందుకే 2015లో మనుషుల మందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలకే పరిమితం చేశారు. తర్వాత ఇతర నొప్పి మందులు కూడా ఇలాగే చంపుతాయని తేలింది. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రోఫెన్ నేరుగా చంపుతుంది. ఈ రెండింటినీ పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. ఆ తర్వాత నిమెసులైడ్‌ను కూడా ఆపారు.

ఫలితం ఉందా? కొంత ఉంది. నిషేధం తర్వాత మన దేశంలో ఆ వేగపు పతనం ఆగింది. పక్కనున్న నేపాల్‌లో ఊళ్లవారే పూనుకుని సురక్షితమైన మందుకు మారిన ప్రాంతాల్లో తెల్లవీపు రాబందులు మెల్లగా పెరుగుతున్నాయి. హర్యానాలోని పింజోర్ లాంటి కేంద్రాల్లో పక్షులను పెంచుతున్నారు. కానీ బోనులో కూడా వీటి సంఖ్య నిదానంగానే పెరుగుతుంది. పెంచి వదిలిన పక్షి మొదటి వారంలోనే విషపు కళేబరం మీద వాలితే పదేళ్ల శ్రమ పోయినట్టే.

మీ కొట్టంలో చేయవలసినవి

ఒకటి. పశువుకు నొప్పి, జ్వరం ఉన్నప్పుడు మెలోక్సికామ్ అడగండి. ఇది పశువుకు బాగా పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. టోల్ఫెనామిక్ ఆమ్లం కూడా సురక్షితమే. మోతాదు పశువు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

రెండు. గోపాలమిత్ర గానీ, ఊళ్లో సూదులు వేసే మరొకరు గానీ వచ్చినప్పుడు సీసా మీది పేరు చదవండి. చదవడం రాకపోతే పిల్లలతో చదివించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్, ఈ నాలుగింటిలో ఏ పేరున్నా వద్దనండి. రెండు మందులు కలిపిన సీసా అయితే రెండు పేర్లూ చూడాలి. మెడికల్ షాపు నుంచి మనుషుల సూది మందు తెచ్చి పశువుకు వేయవద్దు.

మూడు. చికిత్సలో ఉన్న పశువు చనిపోతే, ఏ మందు పడిందో ఖాయంగా తెలియకపోతే, దాన్ని ఆరుబయట పడేయవద్దు. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. దొమ్మ రోగం అనుమానం ఉన్న పశువునైతే కోయవద్దు, తోలు తీయవద్దు, పశువైద్యాధికారికి చెప్పి పూడ్చాలి. కుక్కల కోసం, అడవి జంతువుల కోసం కళేబరాల్లో పురుగుమందు పెట్టడం నేరం, పైగా దానివల్ల మొదట చచ్చేది ఈ పక్షులే.

నాలుగు. మీ ప్రాంతంలో రాబంది గూడు గానీ, మెడ వేలాడేసిన లేక చనిపోయిన రాబందు గానీ కనిపిస్తే అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి. చేత్తో ముట్టవద్దు. దగ్గర్లో చనిపోయిన పశువు ఉంటే దానికి చివరి మూడు రోజుల్లో ఏ సూది పడిందో కనుక్కుని ఆ పేరు కూడా చెప్పండి. కారణం తేలడానికి ఆ ఒక్క సమాచారం చాలా ఉపయోగం.

నేను వ్యవసాయ శాఖ మనిషిని, పశువైద్యుణ్ని కాను. కాబట్టి మీ పశువుకు ఏ మందు, ఎంత అన్నది మీ మండల పశువుల ఆసుపత్రిలో గానీ, 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సిబ్బందిని గానీ అడిగి తెలుసుకోండి. ఈసారి సూది వేయించేటప్పుడు సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని పేరు చూడండి.